డెలివరీలు పదేపదే లేటవుతుంటే: ‘ఎందుకు’ అని అడుగుతూ అసలు కారణం దాకా వెళ్లడం ఎలా

‘వై-వై చేశామండీ, ఐదుసార్లు ఎందుకని అడిగాం, చివరికి ట్రాఫిక్ అని తేలింది, ఇప్పుడేం చేయాలి?’ ఈ ప్రశ్న నాకు రకరకాల మాటల్లో వస్తూనే ఉంది. అడిగేవాళ్లలో ఎక్కువమంది విశాఖలో గాజువాక, ఆటోనగర్, పెందుర్తి వైపు గోడౌన్లలో డిస్పాచ్ చూసేవాళ్లే. ట్రాఫిక్ అని తేలిందంటే చాలాసార్లు అసలేమీ తేలలేదనే అర్థం. ఒకసారి నేను కూడా అక్కడే ఆగిపోయాను, దాంతో నెల రోజులు వృథా అయ్యాయి. ఆ కేసునే మొదటి నుంచి చివరిదాకా చెబుతాను, అడుగులు అందులోనే వస్తాయి.

మాది ఆటోనగర్‌లో ఒక డిస్ట్రిబ్యూషన్ గోడౌన్. ప్యాక్ చేసిన తిండి సరుకులు, సబ్బులు, షాంపూల లాంటివి చిన్న ట్రక్కుల్లో షాపులకు పంపేవాళ్లం. అన్ని రూట్లూ ఓ మోస్తరుగా నడుస్తుంటే మధురవాడ రూటు మాత్రం ప్రాణం తీసేది. అక్కడి మొదటి కస్టమర్ ఒక సూపర్‌మార్కెట్. సరుకు దించుకునే కౌంటర్ 11 గంటలకు మూసేస్తారు, మళ్లీ తెరిచేది మధ్యాహ్నం 3కి. 11 దాటి చేరితే బండి అక్కడే పడి ఉంటుంది, వెనకున్న షాపులన్నీ సాయంత్రానికి జారిపోతాయి.

## 1. సమస్యను ఒక్క వాక్యంలో, అంకెలతో రాయండి

‘డెలివరీలు లేటవుతున్నాయి’ అని మొదలుపెడితే జవాబులు కూడా అంత గాలిలోనే వస్తాయి. ఏ రూటు, ఏ టైముకు చేరాలి, ఎన్ని రోజుల్లో ఎన్నిసార్లు తప్పింది, ఎంతసేపు తప్పింది అనేవి నాలుగూ వాక్యంలో ఉండాలి. మేం చివరికి రాసుకున్నది ఇది:

‘గత 4 వారాల్లో 24 పని దినాలకు గాను 9 రోజులు మధురవాడ బండి మొదటి షాపుకు 11 గంటల తర్వాత చేరింది. మామూలుగా 10:20 ప్రాంతంలో చేరే బండి ఆ రోజుల్లో సుమారు గంట ఆలస్యమైంది.’

ఈ వాక్యంలో ఎవరి పేరూ లేదు, కారణం కూడా లేదు. ‘లోడింగ్ సరిగా లేక లేటవుతోంది’ అని రాశారంటే సమస్యలోనే జవాబు పెట్టేశారన్న మాట. ఇక ఎన్నిసార్లు ఎందుకని అడిగినా బండి లోడింగ్ చుట్టూనే తిరుగుతుంది.

## 2. మాటలు పక్కన పెట్టి టైములు తెచ్చుకోండి

మీటింగ్ పెట్టే ముందే ఈ పని అయిపోవాలి. మాకు రెండు మధ్యాహ్నాలు పట్టింది. కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఇవన్నీ ఎక్కడో ఒకచోట రాసే ఉంటాయి:

- గేటు దగ్గర సెక్యూరిటీ రిజిస్టర్: బండి బయటికి వెళ్లిన టైము
- లోడింగ్ సూపర్‌వైజర్ నోట్‌బుక్: లోడింగ్ మొదలు, పూర్తి
- బండి జీపీఎస్: మొదటి షాపు దగ్గర ఆగిన టైము
- సంతకమైన డెలివరీ కాపీ: సరుకు దించుకున్న టైము
- బిల్లింగ్ సాఫ్ట్‌వేర్: బిల్లు కొట్టిన టైము, రద్దు చేసిన టైము

ఒక్కో రోజుకు ఒక వరస, ఒక్కో టైముకు ఒక నిలువు గడి. లేటైన రోజులే కాదు, బాగా నడిచిన రోజులు కూడా ఎక్కించాలి. చాలామంది లేటైన రోజులు మాత్రమే తీస్తారు. అప్పుడు పోల్చడానికి ఏమీ ఉండదు.

రిజిస్టర్‌లో టైములన్నీ 9:00, 9:15, 9:30 అని గుండ్రంగా కనిపిస్తే అనుమానించండి. సాయంత్రం ఖాళీ దొరికినప్పుడు ఒకేసారి నింపినవి అవి. మా దగ్గర లోడింగ్ నోట్‌బుక్ ఇలాగే ఉంటే, ఒక వారం పాటు సూపర్‌వైజర్ చేత ఫోన్‌లో ఫొటో తీయించాం, ఫొటోకు టైము దానంతట అదే పడుతుంది కదా.

## 3. లేటైన రోజును బాగున్న రోజు పక్కన పెట్టండి

నన్నడిగితే మొత్తం పనిలో సగం విలువ ఈ అడుగుదే. ఒక మంగళవారం, ఒక సోమవారం పక్కపక్కన పెడితే ఇలా కనిపించింది:

మంగళవారం (బాగున్న రోజు)
- లోడింగ్ మొదలు 8:20, పూర్తి 9:05
- గేటు దాటింది 9:15
- మొదటి షాపు 10:20

సోమవారం (లేటైన రోజు)
- లోడింగ్ మొదలు 8:30, పూర్తి 9:10
- గేటు దాటింది 10:20
- మొదటి షాపు 11:25

గేటు నుంచి షాపుకు రెండు రోజులూ 65 నిమిషాలే. షీలానగర్, ఎన్ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ మీదుగా వెళ్లే ఆ దారి సోమవారమూ అంతే, మంగళవారమూ అంతే. లోడింగ్ కూడా దాదాపు ఒకటే. తేడా అంతా లోడింగ్ పూర్తయ్యాక గేటు దాటే లోపు ఉంది: ఒకరోజు 10 నిమిషాలు, ఇంకోరోజు 70 నిమిషాలు. గంటసేపు బండి నిండుగా సరుకుతో మా కాంపౌండ్‌లోనే నిలబడి ఉంది! అంతకుముందు నెలంతా మేం ఎన్ఏడీ జంక్షన్‌ను తిట్టుకున్నాం. ట్రాఫిక్ తప్పించుకోవాలని డ్రైవర్లను 15 నిమిషాలు ముందు రమ్మన్నాం కూడా, పాపం వాళ్లు ముందొచ్చి గేటు పక్క బడ్డీ దగ్గర టీ తాగుతూ కూర్చునేవాళ్లు.

తర్వాత వారాలు చూడండి. 9 లేట్లలో 7 సోమ, గురువారాల్లోనే పడ్డాయి. మిగతా రెండింటిలో ఒకటి టైరు పంక్చర్, ఒకటి మద్దిలపాలెం దగ్గర కాన్వాయ్ కోసం బండ్లన్నీ ఆపేసిన రోజు. ఆ రెండు రోజులూ బండి గేటు టైముకే దాటింది, కాబట్టి వాటి కథ వేరు. వాటిని పక్కన పెట్టేశాం. ఒకే గొలుసులో పంక్చర్‌నూ దీన్నీ కలిపితే ఏ కారణమూ నిలబడదు.

ఇంకో విషయం: ఆ నాలుగు వారాల్లో సోమ, గురువారాలు మొత్తం 8. అందులో 7 లేటైతే, ఒక్క గురువారం మాత్రం టైముకే వెళ్లింది. ఆ ఒక్క రోజును పెన్సిల్‌తో చుట్టి పెట్టుకోండి, తర్వాత అక్కరకొస్తుంది.

## 4. ఎవరితో కూర్చోవాలి, ఎలా అడగాలి

ఐదారుగురు చాలు. మా దగ్గర డ్రైవర్, లోడింగ్ సూపర్‌వైజర్, సరుకు తీసే కుర్రాడు, గేటు చెకింగ్ చేసే ఆయన, బిల్లింగ్ అమ్మాయి, నేను. మేనేజర్ గారిని మొదటి రోజు రావద్దని బతిమాలాను. ఆయన ఉంటే డ్రైవర్ నోరు విప్పడు, అంతే.

ఏసీ గదిలో కాకుండా లోడింగ్ ప్లాట్‌ఫాం మీదే నిలబడి మాట్లాడండి. ‘ఇక్కడ పెట్టెలు తక్కువొస్తే ఏం చేస్తారు?’ అని అడిగితే వాళ్లు చేసి చూపిస్తారు. గదిలో అయితే చేయాల్సింది చెబుతారు, చేసేది చెప్పరు.

మన భాషలో ‘ఎందుకు’ అనే మాట తిట్టులా తగులుతుంది. ‘ఎందుకు లేటయ్యావ్?’ అంటే ఎవరైనా తనను కాపాడుకునే జవాబే ఇస్తారు. నేను మొదటిసారి అలాగే అడిగాను. డ్రైవర్ మొహం మాడ్చుకుని, ‘నానేటి సేస్తాను సార్, బండి గేటు దాటేసరికే పది దాటిపోనాది’ అన్నాడు. అప్పుడు నాకది సాకులా వినిపించింది. షీట్ చేశాక చూస్తే, మొదటి రోజే అతను జవాబు చెప్పేశాడు.

కాగితం మీద ‘ఎందుకు’ అని రాసుకోండి, మనిషిని మాత్రం ఇలా అడగండి:

- ‘బండి ఎక్కడ ఆగిపోయింది?’
- ‘ఆ టైములో మీ చేతిలో ఏ పని ఉంది?’
- ‘ముందుకు కదలాలంటే ఏం రావాల్సి ఉంది, ఎవరి దగ్గర నుంచి?’
- ‘బాగా నడిచిన రోజు ఇదే పని ఎలా జరుగుతుంది?’

## 5. గొలుసు కట్టండి: ఒక్కో జవాబుకు ఒక్కో రుజువు

ప్రతి జవాబు కిందా రుజువు రాయాలి. రుజువు లేకపోతే ఆ జవాబు పక్కన ప్రశ్నార్థకం పెట్టి అక్కడే ఆగండి. వెళ్లి చూసి వచ్చాకే తర్వాతి ప్రశ్న. మా గొలుసు ఒక్క రోజులో పూర్తి కాలేదు, మూడు రోజులు పట్టింది.

ఎందుకు 1: బండి 11 తర్వాత ఎందుకు చేరింది?
గేటు గంట ఆలస్యంగా దాటింది. రుజువు: గేటు రిజిస్టర్, జీపీఎస్. దారిలో పట్టిన టైము మారలేదు.

ఎందుకు 2: లోడింగ్ అయిపోయాక కూడా గేటు ఎందుకు దాటలేదు?
గేటు దగ్గర లెక్కపెడితే బండిలో పెట్టెలు బిల్లు కంటే తక్కువ ఉన్నాయి. అలా పంపకూడదు. బిల్లు రద్దు చేసి కొత్తది కొట్టాలి. సరుకు విలువ 50,000 రూపాయలు దాటింది కనుక పాత ఈ-వే బిల్లును కూడా రద్దు చేసి కొత్తది తీయాలి. బిల్లింగ్ అమ్మాయి ఆఫీసుకొచ్చేది 9:30కి. ఆమె వచ్చి, అన్నీ మార్చి, ప్రింట్ తీసి కిందికి పంపేసరికి 10 దాటుతుంది. రుజువు: సాఫ్ట్‌వేర్‌లో రద్దయిన బిల్లుల జాబితా. ఆ 7 రోజుల్లోనూ మధురవాడ బిల్లు ఉదయం రద్దయింది. టైముకు వెళ్లిన 15 రోజుల్లో ఒక్కసారీ కాలేదు.

ఎందుకు 3: బిల్లులో ఉన్నన్ని పెట్టెలు బండిలో ఎందుకు లేవు?
బిల్లు ముందు రోజు రాత్రే సిస్టమ్‌లో కనిపించే స్టాక్‌ను బట్టి కొట్టేస్తారు. ఉదయం సరుకు తీసే కుర్రాడు వెళ్తే ర్యాక్‌లో అది ఉండదు. మేం లేటైన ఒక గురువారం ఉదయం 7:30కి వెళ్లి నిలబడ్డాం. బిల్లులో బిస్కెట్లు 12 పెట్టెలు. ర్యాక్‌లో 5. మిగతావి ఎక్కడని అడిగితే, కుర్రాడు మాకు సరుకు తెచ్చి బయట నిలబడి ఉన్న లైన్ లారీ వైపు చెయ్యి చూపించాడు. అవి ఇంకా దిగనే లేదు! దించాక చూస్తే అందులోనూ రెండు తడిసి ఉన్నాయి.

ఎందుకు 4: గోడౌన్‌లోకి రాని సరుకు సిస్టమ్‌లో ఎలా కనిపించింది?
లారీ గేటు దగ్గరకు రాగానే కంపెనీ బిల్లు చూసి ఇన్‌వర్డ్ ఎంట్రీ కొట్టేస్తున్నారు. దించడం, లెక్కపెట్టడం, తడిసినవి తీసేయడం అన్నీ మర్నాడు. రుజువు: ఎంట్రీ టైము బుధవారం సాయంత్రం 6:25, దించిన నోట్ గురువారం ఉదయం 9.

ఎందుకు 5: లెక్కపెట్టకముందే ఎంట్రీ ఎందుకు కొడుతున్నారు?
లైన్ లారీ విజయవాడ నుంచి బుధ, శనివారాల్లో సాయంత్రం 6 తర్వాత వస్తుంది. అప్పటికి కళాసీలు వెళ్లిపోయి ఉంటారు. సేల్స్‌మన్ల ఆర్డర్లు 7 గంటలకు మూసేస్తారు. స్టాక్ కనిపించకపోతే సిస్టమ్ ఆర్డర్ తీసుకోదు. అందుకని ‘ముందు ఎంట్రీ కొట్టేయండి, రేపు చూసుకుందాం’ అనేది అలవాటై కూర్చుంది. మా సాఫ్ట్‌వేర్ సెట్టింగ్ కూడా అలాంటిదే: ఎంట్రీ పడితే చాలు, ఆ సరుకు ఆ క్షణం నుంచే అమ్మకానికి తెరుచుకుంటుంది. ‘వచ్చింది కానీ లెక్క తేలలేదు’ అని చెప్పడానికి గడే లేదు.

ఇక చుట్టి పెట్టుకున్న ఆ ఒక్క గురువారం సంగతి. ముందు రోజు లారీ మధ్యాహ్నమే వచ్చింది. కళాసీలు ఉన్నారు, 5 లోపు దించేశారు, లెక్క తేలాకే ఎంట్రీ పడింది. మర్నాడు బండి 9:15కి గేటు దాటింది. మన కారణం నిజమైతే, ఆ కారణం లేని రోజు సమస్య కూడా ఉండకూడదు. అది సరిపోయింది కనుకే నాకు గొలుసు మీద నమ్మకం కుదిరింది.

## 6. కింది నుంచి పైకి ‘కాబట్టి’తో చదవండి

గొలుసును పై నుంచి కిందికి ‘ఎందుకు’తో కట్టాం. ఇప్పుడు కింది నుంచి పైకి ‘కాబట్టి’ పెట్టి గట్టిగా చదవాలి. లెక్క తేలకముందే స్టాక్ అమ్మకానికి తెరుచుకుంటుంది, కాబట్టి లేని సరుకు సిస్టమ్‌లో కనిపిస్తుంది, కాబట్టి దానికి బిల్లు పడుతుంది, కాబట్టి ఉదయం పెట్టెలు తగ్గుతాయి, కాబట్టి గేటు దగ్గర బిల్లు మారుతుంది, కాబట్టి బండి గంట ఆగుతుంది.

ఎక్కడైనా నాలుక తడబడిందంటే అక్కడ ఒక మెట్టు ఎగరగొట్టారన్న మాట. మా మొదటి ప్రయత్నంలో ‘లారీ సాయంత్రం వస్తుంది, కాబట్టి బిల్లు తప్పుతుంది’ అని ఉండేది. చదివితే అతకలేదు. లారీ అర్ధరాత్రి వచ్చినా, లెక్కపెట్టాకే ఎంట్రీ కొడితే బిల్లులో తప్పు రాదు కదా. ఆ అతకని చోట వెతికితేనే 4వ మెట్టు దొరికింది.

## 7. రెండో గొలుసు: ముందే ఎందుకు తెలియలేదు?

దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. సమస్య ఎందుకు పుట్టింది అనేది ఒక గొలుసు. పుట్టిన సమస్య గేటు దాకా ఎవరి కంటా ఎందుకు పడలేదు అనేది ఇంకో గొలుసు.

మా కేసులో కంట పడింది! సరుకు తీసే కుర్రాడికి 7:30కే తెలుసు. తగ్గిన సరుకు పక్కన లిస్ట్‌లో పెన్సిల్‌తో సున్నా చుట్టి ‘5’ అని రాసేవాడు. పాత లిస్టుల కట్ట విప్పి చూస్తే ఆ 7 రోజుల్లోనూ ఆ పెన్సిల్ సున్నాలు ఉన్నాయి.

మరి ఆ సంగతి బిల్లింగ్‌కు ఎందుకు చేరలేదు? లిస్ట్ లోడింగ్ సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్తుంది, ఉన్నవి ఎక్కించడం ఆయన పని. బిల్లు ఆయన చేతిలో ఉండదు, అది గేటు చెకింగ్ ఆయన దగ్గరే ఉంటుంది. బిల్లింగ్‌లో 9:30 దాకా ఎవరూ ఉండరు. అంటే తెలిసినవాడి దగ్గర బిల్లు లేదు, బిల్లు ఉన్నవాడికి తెలియదు. రెండూ కలిసేది గేటు దగ్గరే, 9:10కి.

ఇక్కడ తప్పు పట్టడానికి ఒక్క మనిషి కూడా దొరకడు. ఎవరి పని వాళ్లు చేశారు.

## 8. ఎక్కడ ఆగాలి

ఐదు అనే అంకె పట్టుకుని వేలాడకండి. మూడుతో తేలితే మూడు, ఏడు కావాలంటే ఏడు. రెండు షరతులూ కుదిరిన చోట ఆగాలి: అక్కడ మార్పు చేస్తే పై మెట్లన్నీ వాటంతట అవే పడిపోవాలి, ఆ మార్పు మన చేతిలో ఉండాలి.

మేం ఆరోదీ అడిగాం. లారీ సాయంత్రమే ఎందుకు వస్తోంది? విజయవాడలో ఉదయం లోడ్ చేసుకుని బయల్దేరితే ఇక్కడికి చేరేసరికి సాయంత్రం కాక ఏమవుతుంది! దాన్ని మార్చమని అడగొచ్చు, అడిగాం కూడా, కానీ వాళ్ల మీద ఆధారపడి మన మందు తయారు చేసుకోలేం. ఇంకా కిందికి వెళ్తే కంపెనీ డిపో టైమింగ్, హైవే, చివరికి దేశ ఆర్థిక పరిస్థితి. అందుకే ఒక మెట్టు వెనక్కి వచ్చి 5 దగ్గర ఆగాం.

## 9. మందు రాయడం: ఈరోజుకు ఒకటి, మూలానికి ఒకటి, ముందే పట్టుకోవడానికి ఒకటి

ఈరోజుకు: సోమ, గురువారాల్లో బిల్లింగ్ అమ్మాయి 7:30కి వచ్చి ఆ రోజు త్వరగా వెళ్లిపోవడం. ఇది కట్టు కట్టడం లాంటిది, నెల దాటి ఉంచకూడదని తేదీ వేసుకున్నాం.

మూలానికి: సాఫ్ట్‌వేర్‌లో ‘లెక్క తేలనిది’ అని వేరే గోడౌన్ పేరుతో ఒక లొకేషన్ తెరిచాం. లారీ రాగానే ఎంట్రీ అందులో పడుతుంది. అక్కడున్న సరుకు సేల్స్‌మన్‌కు కనిపిస్తుంది కానీ మర్నాటి డెలివరీకి ఆర్డర్ తీసుకోదు, ఎల్లుండికి తీసుకుంటుంది. దించి లెక్కపెట్టాకే అసలు గోడౌన్‌కు మారుతుంది. మీ సాఫ్ట్‌వేర్‌లో ఒకటికి మించి గోడౌన్లు పెట్టుకునే వీలుంటే దీనికి పైసా ఖర్చు కాదు.

ముందే పట్టుకోవడానికి: బిల్లు రాత్రి కొట్టడం ఆపేశాం. రాత్రి సరుకు తీసే లిస్ట్ మాత్రమే వస్తుంది. ఉదయం తీసినంత తీసి, ఆ సంఖ్యకే బిల్లు. ఇందుకోసం బిల్లింగ్‌లో ఒకరు రోజూ 8కి రావాలి. ఇద్దరున్నారు కాబట్టి వంతులు వేసుకున్నారు. ఈ మార్పుకు కాస్త గొణుగుడు వినిపించింది, న్యాయమే, సాయంత్రం వాళ్లను ఆ మేరకు ముందే పంపించాం.

ప్రతి మందు పక్కనా ఇవి ఉన్నాయా చూసుకోండి:

- ఒక్క మనిషి పేరు (‘టీమ్’ అని రాయకూడదు)
- తేదీ
- గొలుసులో ఏ మెట్టును తెంచుతుంది
- పనిచేసిందని ఏ అంకె చూసి చెబుతాం
- దీనివల్ల ఎవరికి కొత్త ఇబ్బంది వస్తుంది

చివరిది మర్చిపోతే మీ మందును రెండో వారంలోనే ఎవరో ఒకరు చంపేస్తారు. మాకు సేల్స్ వాళ్ల నుంచి ఆ పని జరిగింది, కింద చెబుతాను.

## 10. తరచూ చేసే తప్పులు

మనిషి దగ్గర ఆగడం. ‘కుర్రాడి అజాగ్రత్త’ అని వచ్చిందంటే ఇంకొక్కసారి అడగండి: అతని స్థానంలో ఇంకొకరుంటే ఇది జరిగేది కాదా? మా దగ్గర ఆ కుర్రాడు సెలవు పెట్టిన గురువారం కూడా బండి లేటే.

మందునే కారణంగా రాయడం. ‘రూట్ ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ లేదు కాబట్టి’, ‘మనుషులు చాలక’ లాంటివి. లేనిది ఏదీ కారణం కాదు. ఉన్నదాంట్లో ఏం జరిగి బండి ఆగిందో రాయండి. మనుషులు చాలకపోతే మంగళవారం కూడా లేటవ్వాలి కదా?

ఒక జవాబులో రెండు కారణాలు. ‘సరుకు తగ్గింది, బిల్లింగ్‌లో ఎవరూ లేరు’ అని ఒకే గడిలో రాస్తే తర్వాతి ఎందుకు దేనికి అడగాలో తెలియదు. రెండుగా చీల్చి రెండు గొలుసులు నడపండి.

గొలుసుతో తేలని సమస్యకు గొలుసు కట్టడం. ఒక బండికి రోజూ 28 షాపులు వేసి, ఒక్కో షాపులో 15 నిమిషాలు పడుతుంటే దించడానికే 7 గంటలు, దారి టైము ఆపైన. అది లెక్క చూసుకోవాల్సిన వ్యవహారం, ఎందుకని అడగడానికి అందులో ఏమీ లేదు. అలాగే లేట్లకు వారం, రూటు, కస్టమర్ ఏదీ కలవకుండా చెల్లాచెదురుగా ఉంటే ముందు ఇంకో నాలుగు వారాల టైములు పోగేయండి.

## 11. పనిచేసిందో లేదో చూడటం

లేట్లు తగ్గాయా అని ఒక్కటే చూస్తే మోసపోతారు. దసరా వారంలో ఆర్డర్లు తగ్గినా లేట్లు తగ్గుతాయి. మేం రెండు అంకెలు రోజూ గేటు దగ్గర బోర్డు మీద రాయించాం: లోడింగ్ పూర్తయ్యాక గేటు దాటడానికి పట్టిన నిమిషాలు, ఉదయం రద్దయిన బిల్లులు. మొదటిది 15 దాటకూడదు, రెండోది సున్నా ఉండాలి. నాలుగు వారాలు, అంటే సోమ, గురువారాలు 8 వచ్చేదాకా చూడాలని ముందే అనుకున్నాం.

మొదటి వారం రెండూ బాగున్నాయి. రెండో వారం కూడా. మూడో వారం గురువారం గేటు దగ్గర 55 నిమిషాలు! వెళ్లి చూస్తే నెలాఖరు. టార్గెట్ తగ్గుతుందని సేల్స్ నుంచి ఎవరో ఫోన్ చేసి ‘ఈ ఒక్కసారికి నేరుగా అసలు గోడౌన్‌లో కొట్టేయండి’ అన్నారట, ఇన్‌వర్డ్ ఆయన మొహమాటానికి కొట్టేశాడు. ఆర్డర్ చేసిన షాపు సరుకు కోసం ఎదురుచూస్తోంది కదా అని, 8కి వచ్చిన బిల్లింగ్ అబ్బాయి లారీ దిగేదాకా బిల్లు కొట్టకుండా ఆపాడు.

అంటే మేం పెట్టింది నియమం మాత్రమే, తలుపు తెరిచే ఉంది. ఆ సాయంత్రమే సాఫ్ట్‌వేర్‌లో హక్కులు మార్పించాం. ఇన్‌వర్డ్ ఆయన లాగిన్‌కు ‘లెక్క తేలనిది’ తప్ప ఇంకో లొకేషన్ కనిపించదు. అక్కడి నుంచి అసలు గోడౌన్‌కు మార్చే హక్కు సరుకు లెక్కపెట్టే ఆయన లాగిన్‌కు మాత్రమే ఉంది, ఆయన కళాసీలతో పాటు ఉదయం 7కే వస్తాడు. సాయంత్రం ఎవరు ఫోన్ చేసినా కొట్టడానికి అక్కడ మనిషే ఉండడు.

నాలుగు వారాల లెక్కను మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టాం. ఈసారి 8 సోమ, గురువారాలూ బోర్డు మీద రెండో అంకె సున్నానే ఉంది. గేటు నిమిషాలు ఒక్క రోజు 20 చూపించాయి, ఆ రోజు ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంది.